రెండు తాళాల అలమరలో మూడు పుస్తకాలు

జిల్లా పెద్దాసుపత్రి మగవారి మెడికల్ వార్డులో పనిచేసే సిస్టర్ జ్ఞానసుందరి మీద వచ్చిన ఫిర్యాదు ఒకటే వాక్యం. "మా నాన్న పోయిన సంగతి ఈ సిస్టరుగారు నాకు బస్సు టైము చెప్పినట్టు చెప్పారు."

అందులో అబద్ధమేమీ లేదు. సిబ్బంది చాలక ఆ ఆసుపత్రిలో నర్సులకు పన్నెండు గంటల డ్యూటీ. ఉదయం ఎనిమిదికి ఎక్కితే రాత్రి ఎనిమిదికి దిగాలి. ఆ రోజు ఆమె ఒక్కదాని చేతిలో నలభై నాలుగు మంచాలున్నాయి, మంచాలు దొరక్క కింద పడుకున్నవాళ్ళు మరో ఆరుగురున్నారు. పదిహేనో నంబరు మంచం మీదాయన మధ్యాహ్నం పోయాడు. ఆమె డాక్టరును పిలిచింది, ఈసీజీ తీసింది, గొట్టాలు తీసేసింది, ముక్కులో దూది పెట్టింది, కాలి బొటనవేళ్ళు కలిపి కట్టింది. ఒక్క పనిలో కూడా వంక పెట్టడానికి లేదు. అప్పుడు పరిగెత్తుకుంటూ వచ్చిన కొడుకుతో, "అయిపోయిందయ్యా, కాగితం కోసం కింద తొమ్మిదో గదికి వెళ్ళు," అని చెప్పి, పక్క మంచం సెలైను అయిపోవస్తుంటే అటు తిరిగింది.

ఇంటికెళ్ళి అన్నం కలుపుకుంటుంటే ఆమెకు ఆ మనిషి పేరు గుర్తు రాలేదు. నంబరు ఒక్కటే గుర్తొచ్చింది. పంతొమ్మిదేళ్ళ సర్వీసులో పోయినవాళ్ళ కోసం ఎన్నోసార్లు ఏడ్చింది, ఏడుపు దాచుకోవడానికి స్టోరు గదిలోకీ వెళ్ళింది. ఆ పూట మాత్రం ఏమీ అనిపించలేదు. ఏమీ అనిపించనందుకే ఆమెకు భయం వేసింది. తను చెడ్డదైపోయిందని గట్టిగా నమ్మేసింది.

మర్నాడే ఒక దరఖాస్తు రాసి హెడ్ నర్సు మార్తమ్మకు ఇచ్చింది. తనను వార్డు నుంచి స్టెరిలైజేషన్ గదికి మార్చమని. ఆ గదిలో ఆవిరి పట్టే డ్రమ్ములు ఉంటాయి, కత్తెరలు ఉంటాయి, దూది కట్టలు ఉంటాయి. మనుషులు ఉండరు.

మార్తమ్మ దాన్ని చదివి, మడిచి, బల్ల మీది అద్దం కింద పెట్టింది. "వచ్చే నెలాఖరు దాకా ఆగవే. అప్పటిక్కూడా ఇట్టాగే ఉంటే నేనే సంతకం పెట్టి పంపిస్తాను," అంది.

ఈలోగా ఫిర్యాదు మీద కమిటీ కూర్చుంది. ఆసుపత్రిలో ఎవరికీ కూర్చోవడానికి తీరిక ఉండదు గాని కమిటీలు మాత్రం ఎప్పుడూ కూర్చునే ఉంటాయి. సూపరింటెండెంటు డాక్టర్ వామనమూర్తి మంచివాడు, ఎవరినీ నొప్పించలేక అన్ని కాగితాల మీదా సంతకం పెట్టే రకం. కమిటీని నడిపించింది ఆసుపత్రి పరిపాలనాధికారి పానకాలరావు. ఆయనకు ఫైలంటే ప్రాణం, ఫైల్లో లేని ప్రాణం ప్రాణం కిందికి రాదు. మూడు సమావేశాల తర్వాత కమిటీ తేల్చిందేమంటే, నర్సుకు వచ్చింది పొగరు కాదు, దాని పేరు కరుణాలసట. ఒకరి బాధను రోజూ మోసి మోసి, ఆ మోసే శక్తే అడుగంటడం. దానికి కారణాలు వెతికితే ఎక్కడెక్కడికి వెళ్ళాల్సి వస్తుందో తెలుసు కనక, కమిటీ నేరుగా వైద్యంలోకి వెళ్ళిపోయింది. "సదరు అలసట నివారణార్థము ప్రతి వార్డుకును మూడేసి పుస్తకములు సరఫరా చేయవలెను" అని తీర్మానించింది.

పుస్తకాలు వచ్చాయి. ఒకటి నీలం అట్ట, ఒకటి పసుపు అట్ట, ఒకటి పల్చటి ఆకుపచ్చ అట్ట. సూపరింటెండెంటు గారు వాటిని మార్తమ్మ చేతికిస్తుంటే ఫొటో తీశారు. ఫొటోలో జ్ఞానసుందరి కూడా ఉంది. ఆమె చెయ్యి పుస్తకం వైపు సాగి ఉంటుంది, చూసినవాళ్ళు అది నమస్కారమనుకుంటారు. నిజానికి ఆమె ఆ నీలం అట్ట మీది మాటలు చదివింది. "మీకేమీ అనిపించడం లేదా?" అని రాసి ఉంది. అందులో జవాబు ఉంటుందని ఆమెకు ఒక్కసారిగా ఆశ పుట్టింది.

ఆ సాయంత్రమే పానకాలరావు వార్డుకు స్వయంగా వచ్చి పుస్తకాలను ఎక్కడ ఉంచాలో చెప్పాడు. వార్డులో గట్టి తాళమున్న చోటు ఒకటే. మార్ఫిన్ లాంటి మత్తు ఇంజెక్షన్లు పెట్టే అలమర. దానికి బయట ఒక తలుపు, లోపల ఒక తలుపు, రెండు తాళాలు. తాళంచెవులు డ్యూటీ సిస్టరు నడుముకుంటాయి. డ్యూటీ మారేటప్పుడు ఉన్నవన్నీ లెక్కపెట్టి ఒకరు ఒప్పజెప్పాలి, ఇంకొకరు ఒప్పుకోవాలి.

జ్ఞానసుందరి మెల్లిగా అడిగింది, చదవడానికిచ్చిన పుస్తకాలను దాచడమెందుకని.

"చూడండి సిస్టర్," అన్నాడు పానకాలరావు ఓపిగ్గా. "పుస్తకమనేది చదివితే నలుగుతుంది. నలిగితే పనికిరాదని రాయాలి. రాయాలంటే కమిటీ ఉండాలి. ఆ కమిటీలో ఇద్దరు రిటైరయ్యారు, ఒకాయన మంచాన పడ్డాడు. అంచేత పుస్తకం నలగడానికి ప్రస్తుతం వీల్లేదు."

అలా కరుణాలసట పుస్తకాలు మార్ఫిన్ పక్కన చేరాయి. ఆ రోజు నుంచి డ్యూటీ మారినప్పుడల్లా నర్సులు, "మార్ఫిన్ ఆంప్యూళ్ళు పద్నాలుగు, పెథిడిన్ ఆరు, కరుణ మూడు," అని లెక్క చెప్పుకునేవాళ్ళు. దానికి ఐదు నిమిషాలు ఎక్కువ పట్టి, ఇంటికెళ్ళడం ఐదు నిమిషాలు ఆలస్యమయ్యేది. ఆ ఐదు నిమిషాలూ అలసట నివారణ కింద జమ అని ఆఫీసు భావించింది.

జ్ఞానసుందరి రోజుకు నాలుగైదుసార్లు ఆ అలమర తెరుస్తుంది. పదకొండో మంచం మీది చెన్నకేశవులుకు మార్ఫిన్ ఇవ్వాలి. తెరిచినప్పుడల్లా నీలం అట్ట ఆమెను అడుగుతూనే ఉంది. వారం రోజులు చూసి, ఆగలేక పానకాలరావు గదికి వెళ్ళి అలమరలోంచి పుస్తకం బయటికి తీసే పద్ధతేమిటని అడిగింది.

ఆయన నిబంధనలు తిరగేశాడు. ఆ అలమరలోంచి ఏది బయటికి రావాలన్నా రోగి పేరు ఉండాలి, మంచం నంబరు ఉండాలి, డాక్టరు రాసిన చీటీ ఉండాలి, ఎంత మోతాదో ఉండాలి, ఇచ్చిన సిస్టరుతో పాటు ఒక సాక్షి సంతకం ఉండాలి. రిజిస్టరులో నర్సుకు గడి లేదు.

"అయితే నేను ఆసుపత్రిలో చేరాలా సార్?"

"చేరచ్చు. కాని మీ వార్డులో కుదరదు, అక్కడ ఆడమనిషి చేరరాదు. అది మగవారి వార్డు," అన్నాడు ఆయన, ఎక్కడా నవ్వకుండా.

ఈ సంగతి విన్న డ్యూటీ డాక్టరు హిమజకు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది, ఆ తర్వాత ఒక ఉపాయమొచ్చింది. పదకొండో మంచం దగ్గరికెళ్ళి చెన్నకేశవులును అడిగింది. ఆయన ఆర్టీసీలో ముప్ఫై రెండేళ్ళు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఊపిరితిత్తుల్లో పుట్టిన క్యాన్సరు ఎముకలకు పాకింది. ఇక నయం కాదని ఆయనకూ తెలుసు, పక్కనే స్టూలు మీద కూర్చునే భార్య సీతారావమ్మకూ తెలుసు. ఇప్పుడిచ్చేదల్లా నొప్పికి మందే.

మీ పేరు మీద ఒక పుస్తకం రాస్తాను, మీకిష్టమేనా అని హిమజ అడిగితే, "రాయండమ్మా. ఇప్పటిదాకా అన్నీ గుచ్చేవే రాశారు. చదివేది రాయడం ఇదే మొదలు," అన్నాడాయన.

హిమజ కేసుషీటు మీద శుభ్రంగా రాసింది: నీలం పుస్తకం, పది పేజీలు, రోజుకొకసారి, మధ్యాహ్నం మూడింటికి, సిస్టరు బిగ్గరగా చదివి వినిపించవలెను.

ఇందులో ఉన్న సుఖం జ్ఞానసుందరికి మొదటి రోజే తెలిసింది. ఊరికే స్టూలు మీద కూర్చుంటే, సిస్టరు ఖాళీగా ఉందని నలభై నాలుగు మంచాల నుంచీ పిలుస్తారు. డాక్టరు రాసిన మందు ఇస్తోందంటే ఎవరూ కదపరు. పంతొమ్మిదేళ్ళలో ఆమె ఒక రోగి పక్కన పది నిమిషాలు కూర్చున్నది అదే మొదటిసారి. కాళ్ళు కూడా ఆ సంగతి గుర్తించినట్టున్నాయి, వాటంతటవే చెప్పుల్లోంచి బయటికొచ్చాయి.

నీలం పుస్తకం తిన్నగా మాట్లాడింది. డ్యూటీకి బయల్దేరేముందు గుండెల్లో బరువు, కొన్ని మంచాల దగ్గరికి వెళ్ళబుద్ధి కాకపోవడం, చీటికిమాటికి చిరాకు, నిద్ర పట్టకపోవడం, చూసిన ఘోరం ఇంట్లో కూర చేస్తుండగా కళ్ళముందుకు రావడం, మనుషుల్ని పేర్లతో కాక నంబర్లతో తలుచుకోవడం, చివరికి ఏమీ అనిపించకపోవడం. ఇవన్నీ వరసగా రాసి, ఇందులో రెండు దార్లున్నాయని చెప్పింది. పని ఎక్కువై, ఆసరా లేక, నెలల తరబడి మెల్లిగా ఇంకిపోవడం ఒకటి. ఎదుటివాళ్ళ దెబ్బ చూసి చూసి ఆ దెబ్బ మనకే తగలడం రెండోది, అది ఒక్కరోజులో కూడా జరగచ్చు. రెండూ కలిసినదాన్నే కరుణాలసట అంటారని చెప్పి, కింద ఇంకో మాట రాసింది. "ఇది దయలేనివాళ్ళకు రాదు. దయతో పనిచేసినవాళ్ళకే వస్తుంది. మొద్దుబారడం మీ చెడ్డతనం కాదు, మిమ్మల్ని కాపాడుకోవడానికి మీ మనసు వేసుకున్న తలుపు."

చదువుతున్నదల్లా జ్ఞానసుందరి ఆగిపోయింది.

"ఏమ్మా, పేజీలు అయిపోయినయ్యా?" అన్నాడు చెన్నకేశవులు.

"లేదు బాబాయ్," అందామె. అదే వాక్యాన్ని మళ్ళీ మొదటి నుంచి చదివింది.

అట్లా నీలం పుస్తకం తొమ్మిది రోజుల్లో పూర్తయింది. సాక్షి సంతకం కోసం పక్క వార్డు సిస్టరు దారిన పోతూ పెట్టి వెళ్ళేది. మార్ఫిన్‌కూ ఎప్పటి నుంచో అదే తంతు. చూడనిదానికి సాక్ష్యమివ్వడం అక్కడ అందరికీ అలవాటే.

పసుపు పుస్తకంలో ఒక ప్రశ్నాపత్రం ఉంది. గత ముప్ఫై రోజుల్లో మీకెలా ఉందో ముప్ఫై వాక్యాలకు "ఎప్పుడూ లేదు" నుంచి "చాలా తరచుగా" దాకా అయిదు గుర్తుల్లో ఒకటి పెట్టుకోవాలి. అలసట ఎంత, చూసిన బాధ ఎంత అంటుకుంది, ఈ పనిలో తృప్తి ఇంకా ఎంత మిగిలింది అని మూడూ విడివిడిగా తెలుస్తాయి. ఇది మీకు మీరు చూసుకునే అద్దం మాత్రమే, జబ్బు తేల్చేది కాదు, పై అధికారులు దీన్ని అడగనూ కూడదు, దీన్నిబట్టి ఉద్యోగిని కొలవనూ కూడదు అని ఆ పేజీ వెనక స్పష్టంగా అచ్చేశారు.

పానకాలరావు ఆ పేజీని జిరాక్సు తీయించాడు. ఒకవైపే తీయించాడు. ప్రతి నర్సూ నెలకొకసారి నింపి, పేరు రాసి, హెడ్ నర్సు ద్వారా ఆఫీసుకు సమర్పించవలెనని ఉత్తర్వు వేశాడు. "అలసట అధికముగా నమోదైనచో సంజాయిషీ కోరబడును" అని కింద ఒక ముక్క చేర్చాడు.

ఆసుపత్రిలో నూట ముప్ఫైమంది నర్సులు. నూట ముప్ఫైమందీ ఆ నెలలో అలసిపోలేదు. ఒకామె నింపిన కాగితాన్ని చూసి మిగతావాళ్ళు నింపారు, అందుకని అందరి గుర్తులూ ఒకే గడిలో ఒకదాని కింద ఒకటి తీర్చి ఉన్నాయి. "రోగి చనిపోయినప్పుడు నాకు ఏమీ అనిపించలేదు" అన్న ఇరవై రెండో వాక్యం దగ్గర జ్ఞానసుందరి కలం కాసేపు ఆగింది. ఆ తర్వాత ఆమె కూడా అందరిలాగే "ఎప్పుడూ లేదు" మీద గుర్తు పెట్టింది. అది అబద్ధమని ఆమెకు తెలుసు, మార్తమ్మకు తెలుసు, అద్దం కింది దరఖాస్తుకు కూడా తెలుసు.

ఆఫీసులో సంబరం. "ఈ ఆసుపత్రియందు కరుణాలసట: శూన్యము" అని నివేదిక పైకి వెళ్ళింది. అదే వారంలో మార్తమ్మ, వార్డుకు పూటకు రెండో నర్సు కావాలని తన ఇరవై ఒకటో అర్జీ పెట్టింది. పానకాలరావు అర్జీ పక్కనే నివేదిక పెట్టి చూపించాడు. అలసటే లేనప్పుడు ఇంకొక నర్సు ఎందుకని రాసి అర్జీ మూసేశాడు. మార్తమ్మ ఆ కాగితం చదువుకుని, తన చేత్తో నింపి పంపించిన ముప్ఫై గుర్తులే తన నెత్తిన కూర్చున్నాయని గ్రహించి, దాన్ని పాత ఇరవై అర్జీల కట్టలో కలిపి కట్టింది.

పదకొండో మంచం దగ్గర మాత్రం వైద్యం సాగుతూనే ఉంది. ఇప్పుడు ఆకుపచ్చ పుస్తకం. అది పన్నెండు గంటల డ్యూటీలో బతికి బట్టకట్టడానికి చేయదగ్గ పనులు చెబుతుంది. పెద్ద పెద్దవేమీ కాదు. ఒక రోగి నుంచి ఇంకొక రోగికి వెళ్ళేముందు ఎలాగూ చేతులు కడుక్కుంటారు, ఆ ఇరవై సెకన్లూ నీళ్ళ మీద ధ్యాస పెట్టి, వెనకటి మంచాన్ని అక్కడ వదిలి, ముందు మంచానికి వెళ్ళమంది. పీల్చిన గాలికంటే వదిలే గాలి నిదానంగా ఉండేట్టు రెండు మూడుసార్లు ఊపిరి తీయమంది. అన్నం మానొద్దంది, నీళ్ళు తాగమంది, బాత్రూముకు వెళ్ళాల్సొస్తే వెళ్ళమంది. ఈ చివరిది చదివినప్పుడు జ్ఞానసుందరి తనకు పొద్దున్నుంచీ తీరలేదని గుర్తొచ్చి, మోతాదు మధ్యలో ఆపి వెళ్ళొచ్చింది.

నమ్మకమైన ఒక తోటి మనిషికి ఆ రోజు బరువనిపించిన ఒక్క సంగతి చెప్పుకోమంది. చెప్పేముందు, వినే ఓపిక ఉందా అని ఆమెను అడగమంది. ఘోరమంతా విడమరిచి ఆమె నెత్తిన కుమ్మరించొద్దంది. జ్ఞానసుందరి మార్తమ్మను అడిగింది. మార్తమ్మ కుర్చీ జరుపుకుని కూర్చుంది. డ్యూటీ దిగేముందు ఇద్దరూ రోజుకు ఐదేసి నిమిషాలు మాట్లాడుకోవడం మొదలెట్టారు. అలమర లెక్క ఐదు నిమిషాలకు తోడు ఇది ఇంకో ఐదు. కాని ఈ ఐదు బరువనిపించలేదు.

డ్యూటీ అయిపోయిందని మనసుకు తెలియడానికి రోజూ ఒకే చిన్న పని చెయ్యమన్న పేజీ వచ్చినప్పుడు చెన్నకేశవులుకు హుషారొచ్చింది.

"మాకు డిపోలో కుళాయి ఉండేదమ్మా," అన్నాడు. "టిక్కెట్ల పెట్టె అప్పజెప్పి ముఖం కడుక్కున్నాకే ఇంటికి. కడుక్కోకపోతే బస్సు నాతోపాటు ఇంట్లోకి వచ్చేది. అడుగు మీ పిన్నిని."

సీతారావమ్మ తలూపింది.

"ఇంకోటమ్మా. ఎక్కినవాళ్ళంతా దిగేవాళ్ళే. నేను ప్రతివాడితో దిగితే బస్సు కదలదు. అట్టాగని వాడు దిగేటప్పుడు మొహం తిప్పుకుంటే, పాపం ముసలాడు మెట్టు మీద జారిపడతాడు. దిగిందాకా చూడాలి. చూసి, విజిలెయ్యాలి. అంతే మన డ్యూటీ."

ఆకుపచ్చ పుస్తకం ఇదే సంగతిని నాలుగు పేజీల్లో చెప్పింది. జ్ఞానసుందరి నాలుగు పేజీలూ చదివింది. చీటీ ప్రకారం చదవాలి కదా.

నెలాఖరుకు ఇంకా మూడు రోజులుందనగా చెన్నకేశవులుకు ఊపిరి కష్టమైంది. హిమజ వచ్చి చూసి, సీతారావమ్మను పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పింది. ఆ రోజు మూడింటికి జ్ఞానసుందరి పుస్తకం తెచ్చింది. ఆకుపచ్చ పుస్తకంలో పన్నెండు అధ్యాయాలు. పదకొండు అయ్యాయి. ఆయన కళ్ళు తెరవలేదు గాని వేళ్ళు కదిపాడు. ఆమె పుస్తకం తెరవకుండా ఆ చెయ్యి పట్టుకుని కూర్చుంది. నాలుగుంబావుకు ఆయన పోయాడు.

చేయాల్సిన పనులన్నీ ఉన్నాయి, దూది ఉంది, గుడ్డపేలిక ఉంది. వాటికంటే ముందు ఆమె మార్తమ్మను పిలిచింది, హిమజను పిలిచింది, నేల తుడుస్తున్న వార్డు ఆయమ్మను పిలిచింది. నలుగురూ సీతారావమ్మతో పాటు మంచం చుట్టూ ఒక్క నిమిషం నిలబడ్డారు. పుస్తకంలో పదో అధ్యాయంలో ఉంది ఈ పద్ధతి. ఎవరో ఒకరు పోయిన మనిషి పేరు చెప్పాలి.

"చెన్నకేశవులు గారు," అంది జ్ఞానసుందరి. "ముప్ఫై రెండేళ్ళు కండక్టరుగా చేశారు. అందర్నీ దిగిందాకా చూశారు."

అంతవరకూ చెప్పి ఏడ్చింది. స్టోరు గదిలోకి వెళ్ళలేదు, అక్కడే సీతారావమ్మ భుజం మీద చెయ్యి వేసి ఏడ్చింది. ఏడుస్తుంటే, సిగ్గుపడాల్సింది పోయి, ఆమెకు ప్రాణం కుదుటపడింది. తను ఇంకా మనిషేనని తెలిసింది. తర్వాత చేతులు కడుక్కుని, నీళ్ళ మీద ధ్యాస పెట్టి, పన్నెండో మంచానికి సెలైను మార్చింది.

కథ ఇక్కడ అయిపోవాలి. కాని అలమరలో నిల్వ తేలలేదు.

మర్నాడు ఉదయం పానకాలరావు రిజిస్టరు తెప్పించుకుని చూశాడు. రోగి చనిపోయాడు. ఆయనకు రాసిన ఆకుపచ్చ పుస్తకంలో పదకొండు అధ్యాయాలు వాడారు, ఒకటి మిగిలింది. మిగిలినదాని విషయంలో నిబంధన కొండంత స్పష్టంగా ఉంది. ఆంప్యూలులో పదిహేను మిల్లీగ్రాములుండి డాక్టరు పది రాస్తే, మిగిలిన అయిదూ తిరిగి అలమరలోకి పోవు. సాక్షుల ముందు పారబోసి సంతకాలు పెట్టాలి. కాబట్టి మిగిలిన అధ్యాయం కూడా సాక్షుల ముందు ధ్వంసం కావాలి. అంతేగాక గడిచిన నెలంతా సాక్షి సంతకాలు పెట్టిన పక్క వార్డు సిస్టరు, సెలవులో ఉన్న రోజు కూడా సంతకం పెట్టిందని ఆయన కనిపెట్టాడు. దీంతో వ్యవహారం గంభీరమైంది. సూపరింటెండెంటు గారిని వెంటబెట్టుకుని వార్డుకు వచ్చాడు.

"పన్నెండో అధ్యాయాన్ని మా సమక్షంలో చింపండి సిస్టర్," అన్నాడు.

జ్ఞానసుందరి పుస్తకం తీసింది. "పారబోసేముందు ఆంప్యూలు మీద పేరు, మోతాదు పైకి చదవాలి సార్. సాక్షి వినాలి. అది కూడా నిబంధనే."

పానకాలరావు ఆలోచించాడు. నిబంధనే. "చదవండి," అన్నాడు.

పదకొండో మంచం ఖాళీగా ఉంది. దాని పక్క స్టూలు మీద సూపరింటెండెంటు కూర్చున్నాడు. పానకాలరావు రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని నిన్నటిదాకా సీతారావమ్మ కూర్చున్న స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె చదవడం మొదలుపెట్టింది. పన్నెండో అధ్యాయం పేరు, "ఆసుపత్రి నడిపేవారికి."

"ఈ పుస్తకంలోని పదకొండు అధ్యాయాలూ నర్సు చేయగలిగినవి. ఇది ఆమె చేయలేనిది. ఒక్కరి చేతికి మోయలేనంతమంది రోగుల్నిచ్చి, ఊపిరి నిదానంగా తీసుకోమని చెప్పడం వైద్యం కాదు. భోజనానికి అరగంట, డ్యూటీలో తోడుగా మరొక నర్సు, చావు చూసిన రోజున మాట్లాడుకునే వ్యవధి, నిజం చెప్పినా శిక్ష పడదన్న ధైర్యం. ఈ నాలుగూ మీరు ఇవ్వాలి. మీ దగ్గర ఎవరూ అలసిపోలేదని నివేదిక వస్తే, సంతోషించకండి. వాళ్ళు మీకు చెప్పడం మానేశారని అర్థం."

అధ్యాయం మొత్తం ఎనిమిది పేజీలు. ఎనిమిదీ చదివింది. ఈ లోపల రెండుసార్లు వేరే మంచాల నుంచి పిలుపులొచ్చాయి, రెండుసార్లూ ఆపి, వెళ్ళి, పని చూసి, వచ్చి మళ్ళీ చదివింది. ఇద్దరు అధికారులూ ఆమె తిరిగొచ్చేదాకా స్టూళ్ళ మీద కూర్చుని ఎదురుచూశారు. వాళ్ళు వార్డులో అంతసేపు కూర్చోవడం అంతకుముందెప్పుడూ లేదు.

వామనమూర్తి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "రెండో నర్సును ఇవ్వాలనే ఉందయ్యా పానకాలరావ్. కాని ఏం ఆధారం చూపించి ఇస్తాం? అలసట శూన్యమని మనమే రాశాం," అన్నాడు.

పానకాలరావు చాలాసేపు రిజిస్టరు పేజీలు తిప్పాడు. ఆయన మనసులో ఏం తిరిగిందో చెప్పలేం గాని, తలెత్తేసరికి మొహంలో ఒక వెలుగుంది. ఫైలు మనుషులకు మాత్రమే వచ్చే వెలుగు అది.

"అలసట కింద ఇవ్వలేం సార్. సాక్షి కింద ఇవ్వచ్చు," అన్నాడు. "రెండు తాళాల అలమరలోంచి ఏది తీసినా సాక్షి కళ్ళారా చూసి సంతకం పెట్టాలి. పుస్తకం రోజూ తీస్తారు. కాబట్టి పూటపూటకూ వార్డులో ఒక సాక్షి ఉండి తీరాలి. సాక్షి నర్సై ఉండాలి. లేకపోతే ఆడిట్‌లో మనిద్దరం ఇరుక్కుంటాం."

ఇరవై ఒక్క అర్జీలకు కదలని ఆఫీసు, ఆ మాటకు ఒక్క పూటలో కదిలింది. "మగవారి మెడికల్ వార్డునందు పుస్తకపఠన సాక్ష్యార్థము పూటకొక నర్సు" అని ఉత్తర్వు వచ్చింది. పన్నెండో అధ్యాయం ధ్వంసం కాలేదు. అది వినిపించబడినందున వినియోగమైనట్లే, నిల్వ సరిపోయినదని పానకాలరావు తన చేత్తోనే రాసి, సాక్షిగా తనే సంతకం పెట్టాడు. ఆ నెల రిజిస్టరంతటిలో కళ్ళారా చూసి పెట్టిన సాక్షి సంతకం అదొక్కటే.

నెలాఖరు రోజున సాక్షి వచ్చింది. రెబ్కా అనే పిల్ల, వేరే ఆసుపత్రిలో రెండేళ్ళు చేసింది. ఉత్తర్వు కాగితం చూపించి, తను ఏం చూడాలని అడిగింది.

"పన్నెండో మంచానికి డాక్టరమ్మ నీలం పుస్తకం రాశారు. మూడింటికి నేను చదివేటప్పుడు చూద్దువుగాని," అంది జ్ఞానసుందరి. "అందాకా ఆ చివరి ఇరవై రెండు మంచాలు నువ్వు చూసుకో తల్లీ."

మార్తమ్మ బల్ల మీది అద్దం ఎత్తి దరఖాస్తు బయటికి తీసింది. ఏం చెయ్యమంటావని కళ్ళతోనే అడిగింది. జ్ఞానసుందరి దాన్ని తీసుకుని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న మందుల బండి చక్రం కింద దోపింది. బండి ఊగడం మానేసింది.

ఆఫీసు నుంచి ఆ నెల ప్రశ్నాపత్రాలు వచ్చాయి. ఆమె కూర్చుని అన్నీ చదివి నింపింది. ఇరవై రెండో వాక్యం దగ్గర ఆగింది. "రోగి చనిపోయినప్పుడు నాకు ఏమీ అనిపించలేదు." చెన్నకేశవులు చెయ్యి గుర్తొచ్చింది. "ఎప్పుడూ లేదు" మీద గుర్తు పెట్టింది.

నూట ముప్ఫై కాగితాలూ పానకాలరావు బల్ల మీదికి చేరాయి. అన్నిట్లోనూ ఇరవై రెండో గుర్తు ఒకే గడిలో ఉంది. అందులో ఒక కాగితంలో మాత్రం ఆ గుర్తు నిజం. ఏ కాగితమో పానకాలరావు ఎప్పటికీ తెలుసుకోలేడు.